ఒక్క డిగ్రీ ఇరవై ఏడు నిమిషాల తేడా: ఆత్మకారకుడు మారిపోయిన ఒక జాతకం

మల్లేశ్వరంలో నా గదికి ఆవిడ తెచ్చింది ఒక పాత లెడ్జరు పుస్తకం. అంచులకు పసుపు మరకలు, అట్టకు గోధుమరంగు కాగితం. లోపల వాళ్ళ తాతగారు ఇంట్లోవాళ్ళందరి జాతకాలూ నల్లసిరాతో చేత్తో వేసి ఉంచారు. ఆవిడది పద్నాలుగో పేజీ. రాశి చక్రం, పక్కనే నవాంశ చక్రం, కింద నాలుగైదు వాక్యాలు. అందులో రెండు ఎర్రసిరాతో ఉన్నాయి. ఒకటి "హంస యోగం". రెండోది "ఆత్మకారకః కుజః. కారకాంశాత్ వ్యయే కేతుః. కేతౌ కైవల్యమ్."

రెండో వాక్యానికి వాళ్ళింట్లో ఉన్న తెలుగు అర్థం ఒకటే: "దీనికి ఇదే కడపటి జన్మ." చిన్నప్పటినుంచీ ఆవిడ ఆ మాట వింటూ పెరిగింది. అల్లరి చేస్తే అవ్వ "పోనీలెండి, దానికి మళ్ళీ పుట్టే పని లేదు కదా" అనేదట.

ఇప్పుడు ఆవిడకు ముప్ఫై తొమ్మిది. సివిల్ ఇంజనీరు. భవనాల స్ట్రక్చరల్ డ్రాయింగులు సరిచూసే పని. ఒక కాలేజీలో పాఠాలు చెప్పే అవకాశం వచ్చింది, జీతం దాదాపు సగం. ఆ తర్జనభర్జనలో ఉండగా ఫోనులో ఒక యాప్‌లో వివరాలు ఇచ్చి చూసుకుంది. ఆత్మకారకుడు గురువు అని వచ్చింది. కుజుడు కాదు. హంస యోగం లేదు, కేతువు కారకాంశకు పన్నెండింట లేడు. ఆత్మకారకుడు గురువైతే బోధన చెయ్యడమే మీ ఆత్మ కోరిక అని కూడా అందులో రాసి ఉంది.

"తాతయ్య తప్పు లెక్క కట్టారా, గురువుగారూ?" అని అడిగింది. ఉద్యోగం సంగతి ఆ తరవాత అడిగింది.

ఆనవాలు తెలియకూడదని ఆవిడ పుట్టిన తేదీ, సమయం ఇక్కడ ఇవ్వడం లేదు. ఈ కేసుకు అవసరమైన గ్రహస్థితి మాత్రం ఇస్తాను.

ముందు అసలు లెక్క ఏమిటో చెప్పాలి. జైమిని పద్ధతిలో ఏ గ్రహం ఏ రాశిలో ఉందన్నది పక్కన పెట్టి, ఆ రాశిలో ఎన్ని డిగ్రీలు నడిచిందో చూస్తాం. ప్రతి రాశికీ ముప్ఫై డిగ్రీలు, డిగ్రీకి అరవై నిమిషాలు. అందులో అందరికంటే ఎక్కువ నడిచినవాడు ఆత్మకారకుడు, తరవాతివాడు అమాత్యకారకుడు, ఆపైన వరసగా భ్రాతృ, మాతృ, పుత్ర, జ్ఞాతి కారకులు, అందరికంటే తక్కువ నడిచినవాడు దారకారకుడు. జాతకం మారితే ఈ పదవులు మారతాయి, అందుకే చర కారకులు అన్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మేషం మొదలు మొత్తం డిగ్రీలు లెక్కపెట్టి మీనంలో ఉన్నవాడే పెద్ద అనుకుంటారు. అది పొరపాటు. మేషంలో 28 డిగ్రీలు ఉన్నవాడు మీనంలో 5 డిగ్రీలు ఉన్నవాడికంటే పైవాడు.

ఆత్మకారకుడి గురించి సూత్రం చెప్పింది చాలా క్లుప్తం: "స ఈష్టే బంధమోక్షయోః". బంధానికీ మోక్షానికీ అతడు ప్రభువు. అంతే. పరాశర హోరలో అతణ్ణి రాజుతో పోల్చి, మిగిలినవాళ్ళు మంత్రులవంటివారు, రాజును కాదని నడవలేరు అన్నారు. గురువు ఆత్మకారకుడైతే పాఠాలు చెప్పాలనీ, శుక్రుడైతే ప్రేమలో దెబ్బ తినాలనీ ఇప్పుడు వినిపించే మాటలు ఈ సూత్రంలో లేవు. ఆ తరవాత ఆత్మకారకుడు నవాంశలో, అంటే ఒక్కో రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రంలో, ఏ రాశిలో ఉన్నాడో చూసి, ఆ రాశిని కారకాంశ అంటాం. అక్కడినుంచి పన్నెండో రాశి మోక్షస్థానం. అక్కడ ఎవరున్నారన్నదాన్ని బట్టి ఇష్టదేవతను చెబుతారు, కేతువు ఉంటే కైవల్యం అంటారు. తాతగారు రాసినది ఈ సూత్రం నుంచే.

కాబట్టి ఈ కట్టడమంతా ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. ఎక్కువ డిగ్రీలు ఎవరివి?

నేను ఆ పేజీని మళ్ళీ మొదటినుంచి వేశాను. ధనుర్లగ్నం, వృషభంలో చంద్రుడు, రోహిణి, కృష్ణ త్రయోదశి. రవి మిథునంలో, బుధ శుక్రులు కర్కాటకంలో, శని వృశ్చికంలో, రాహువు మేషంలో, కేతువు తులలో, కుజుడు లగ్నంలోనే వక్రించి. ఇంతవరకూ తాతగారి పుస్తకానికీ యాప్‌కీ తేడా లేదు. తేడా అంతా గురువు దగ్గర. యాప్‌లో గురువు కుంభంలో 29 డిగ్రీల 15 నిమిషాల దగ్గర ఉన్నాడు. తాతగారి పుస్తకంలో మీనంలో 0 డిగ్రీల 42 నిమిషాల దగ్గర ఉన్నాడు.

కారణం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. "అయ. 22-13" అని. అంటే అయనాంశ, రుతువుల లెక్కన కట్టే సాయన రాశిచక్రానికీ నక్షత్రాల లెక్కన కట్టే నిరయణ రాశిచక్రానికీ మధ్య దూరం, 22 డిగ్రీల 13 నిమిషాలు. అది బి.వి. రామన్ గారి అయనాంశ. యాప్ వాడేది లాహిరి, అంటే చిత్రపక్ష అయనాంశ. ఆ ఏటికి అది 23 డిగ్రీల 40 నిమిషాలు. సాయన స్థానం లోంచి అయనాంశ తీసేస్తే నిరయణ స్థానం వస్తుంది కాబట్టి, రామన్ పద్ధతిలో ప్రతి గ్రహమూ 1 డిగ్రీ 27 నిమిషాలు ముందుకు జరిగి కనిపిస్తుంది. రామన్ గారి లెక్కలో రెండు రాశిచక్రాలూ కలిసిన సంవత్సరం క్రీ.శ. 397, లాహిరి లెక్కలో 285. ఆ తేడాయే ఇది.

తాతగారు హిందూపురం వైపు నుంచి వచ్చి శ్రీరాంపురంలో స్థిరపడిన బడిపంతులు. రామన్ గారు ఇదే బెంగళూరులో ఉండి పత్రిక నడిపారు, పంచాంగ గణితం పుస్తకాలు వేశారు. ఆ రోజుల్లో ఇక్కడ చేత్తో జాతకం వేసేవాళ్ళు ఆయన పట్టికలు పట్టుకోవడం మామూలే. కేంద్ర ప్రభుత్వం వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదిక తరవాత చిత్రపక్షం అధికారిక పంచాంగానికి ఆధారమైంది, కంప్యూటర్ ప్రోగ్రాములు చాలావరకు దాన్నే ముందుగా పెట్టుకున్నాయి. అందుకని ఆవిడకు మొదటగా చెప్పిన మాట: తాతయ్య లెక్కలో తప్పు లేదమ్మా. ఆయన ఎంచుకున్న అయనాంశకు అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కో గ్రహమూ తిరిగి కట్టి చూశాను, రెండు మూడు నిమిషాల తేడా మించలేదు.

ఆ ఒకటిన్నర డిగ్రీ మామూలుగా ఎవరినీ ఇబ్బంది పెట్టదు. అందరూ ఒకే కొలతలో జరుగుతారు కాబట్టి వరస మారదు. రాశి చివర ఉన్నవాడు ఉంటేనే చిక్కు. 29లో ఉన్నవాడు రాశి దాటగానే సున్నాకు పడిపోతాడు. అప్పటిదాకా రాజుగా ఉన్నవాడు వరసలో అట్టడుగుకు వస్తాడు. ఈ జాతకంలో జరిగింది అదే. లాహిరిలో గురువు 29-15తో ఆత్మకారకుడు, కుజుడు 26-20తో అమాత్యుడు. రామన్‌లో గురువు 0-42తో దారకారకుడు, కుజుడు 27-47తో ఆత్మకారకుడు.

దాంతో మిగతావన్నీ కదిలాయి. రామన్‌లో గురువు నాలుగింట స్వక్షేత్రమైన మీనంలో ఉన్నాడు, కాబట్టి హంస యోగం. లాహిరిలో మూడింట కుంభంలో ఉన్నాడు, ఆ యోగం లేదు. రామన్‌లో కుజుడు నవాంశలో కూడా ధనుస్సులోనే ఉన్నాడు కాబట్టి కారకాంశ ధనుస్సు. కేతువు నవాంశ వృశ్చికం, అంటే దానికి పన్నెండు. లాహిరిలో గురువు నవాంశ మిథునం, కేతువు నవాంశ తుల. అది మిథునానికి అయిదో రాశి, పన్నెండో రాశి కాదు.

ఇక్కడ ఇంకో సంగతి కనబడింది. అది ఆవిడకు కాగితం మీద గీసి చూపించాను. ఒక్కో నవాంశ 3 డిగ్రీల 20 నిమిషాలు. తాతగారి లెక్కలో కేతువు తులలో 3-47 దగ్గర ఉన్నాడు. అంటే వృశ్చిక నవాంశ మొదలయ్యే గీతకు ఇరవై ఏడు నిమిషాల దూరంలోనే ఉన్నాడు. అరడిగ్రీ కూడా కాదు. "కడపటి జన్మ" అన్న మాట మొత్తం, ఒక ఇల్లంతా నలభై ఏళ్ళు నమ్మిన మాట, ఆ ఇరవై ఏడు నిమిషాల మీద ఉంది.

ఆవిడ చాలాసేపు ఆ గీత వంకే చూసింది.

పుట్టిన సమయం సరిచేస్తే తేలుతుందా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఇక్కడ తేలదు. అప్పుడు గురువు వక్రించబోయే ముందు దాదాపు నిలిచిపోయి ఉన్నాడు, రోజుకు ఒకటి రెండు నిమిషాలకంటే ఎక్కువ కదలడు. కుజుడు రోజంతా నడిచినా ఇరవై నిమిషాలు దాటడు. చర కారకుల్లో పుట్టిన సమయానికి లొంగేవాడు చంద్రుడొక్కడే, రెండు గంటలకు ఒక డిగ్రీ నడుస్తాడు. ఈ జాతకంలో చంద్రుడు 16 డిగ్రీల దగ్గర, పోటీలోనే లేడు. కాబట్టి సమయం గంట అటూ ఇటూ అయినా ఆత్మకారకుడు మారడు. మారేది అయనాంశతోనే.

రాహువు సంగతి కూడా చూశాను. సూత్రంలోనే "సప్తానామష్టానాం వా" అని ఉంది, ఏడుగురైనా ఎనిమిదిమందైనా అని. ఎనిమిదిమందిని తీసుకునేవాళ్ళు రాహువునూ కలుపుతారు. అతడు ఎప్పుడూ వెనక్కి నడుస్తాడు కాబట్టి అతని డిగ్రీలను ముప్ఫైలోంచి తీసివేస్తారు. ఈ జాతకంలో అలా చేస్తే రాహువుకు లాహిరిలో 27-40 వస్తుంది. గురువు తరవాతి స్థానం అతనిది, కుజుడు మూడో స్థానానికి దిగుతాడు. కానీ రెండు అయనాంశల్లోనూ ఆత్మకారకుడి పదవి రాహువుకు రాదు. నేను ఏడుగురినే తీసుకుంటాను, ఇద్దరు గ్రహాలు ఒకే డిగ్రీలో పడినప్పుడు మాత్రం రాహువును పిలుస్తాను. కాబట్టి ఆ దారి ఇక్కడ ఇంకా లోతుకు తవ్వలేదు.

మిగిలిన పరీక్ష దశలది. అయనాంశ మారితే చంద్రుడి స్థానం కూడా జరుగుతుంది కాబట్టి దశల తేదీలు జరుగుతాయి. రోహిణికి చంద్రదశ పదేళ్ళు. 1 డిగ్రీ 27 నిమిషాలకు దాదాపు ఒక ఏడాది ఒక నెల. లాహిరిలో పుట్టినప్పుడు చంద్రదశ శేషం ఐదున్నరేళ్ళు, రామన్‌లో నాలుగేళ్ళ ఐదు నెలలు. కుజుడికి ఏడు, రాహువుకు పద్దెనిమిది కలుపుకుంటే, గురుదశ లాహిరిలో ముప్ఫైన్నరకు, రామన్‌లో ఇరవై తొమ్మిదేళ్ళ ఐదు నెలలకు మొదలవుతుంది. జీవితంలో జరిగినవాటిని ఈ రెండు తేదీల మీద పరిచి చూడవచ్చు.

ఆవిడను తేదీలు గుర్తు తెచ్చుకోమన్నాను. పన్నెండేళ్ళ ఏడు నెలలకు నాన్నగారు ఉద్యోగానికి విదేశం వెళ్ళారు. లాహిరి ప్రకారం రాహుదశ మొదలైన నెలకు, రామన్ ప్రకారం ఏడాది దాటాక. రెండూ రాహుదశే, విదేశానికి రెండూ సరిపోతాయి. ముప్ఫై ఏళ్ళ తొమ్మిది నెలలకు కూతురు పుట్టింది. లాహిరిలో గురుదశ మొదలైన కొద్ది నెలలకు, రామన్‌లోనూ గురుదశలో గురువు అంతర్దశే. ఇదీ రెంటికీ సరిపోయింది. ఇలాంటి వాటిని చూపించి "చూశారా, నా అయనాంశే సరైంది" అనడం మన వృత్తిలో రోజూ జరుగుతుంది. రెండు పక్షాలకూ సరిపోయే సంఘటన దేన్నీ రుజువు చెయ్యదు.

ఒక్కటి మాత్రం విడిగా నిలిచింది. ఇరవై తొమ్మిదేళ్ళ పది నెలలప్పుడు అపెండిక్స్ పగిలి అర్ధరాత్రి ఆపరేషన్ చేశారు. ఆ నెలలోనే ఊళ్ళో స్థలం గురించి అన్నగారితో మాటా మాటా పెరిగి రెండేళ్ళు పలకరింపులు లేవు. లాహిరిలో అది రాహుదశలో కుజుడి అంతర్దశ, దశ చివరి భాగం. కోత, నెత్తురు, సోదరుడు, భూమి, అన్నీ కుజుడివే. రామన్‌లో అయితే అప్పటికే గురుదశ, గురువు అంతర్దశ నడుస్తోంది. లగ్నాధిపతి, స్వక్షేత్రంలో హంస యోగం చేస్తున్నవాడు, తన సొంత దశ తన సొంత అంతర్దశలో మొదటి ఏడాదే ఇలా ఇస్తాడని చెప్పడానికి నాకు నోరు రాదు.

కాబట్టి నా మొగ్గు లాహిరి వైపు. ఒక్క సంఘటనతో తేలిన మొగ్గు అది, నిర్ణయం కాదు. ఆవిడకూ ఈ మాటే చెప్పాను. చాలా ఏళ్ళ కిందట ఇలాగే రాశి సంధిలో ఆత్మకారకుడున్న ఒక కుర్రాడికి, తెర మీద వచ్చిన పేరు చూసి, శని నీ ఆత్మకారకుడు, వైరాగ్యం నీ దారి అని చెప్పేశాను. రెండో అయనాంశలో చూడనే లేదు. అతను పెళ్ళి సంబంధం వద్దనుకున్నాడని తరవాత తెలిసింది. అప్పటినుంచి 28న్నర దాటిన గ్రహమున్నా, 1న్నర లోపు గ్రహమున్నా రెండు అయనాంశల్లోనూ వేసి చూడకుండా ఆత్మకారకుడి పేరు పలకను. జగన్నాథ హోరలాంటి ప్రోగ్రాములో అయనాంశ మార్చి చూడటం ఒక్క నిమిషం పని.

ఇక ఆవిడ ప్రశ్నలు. మొదటిది ఉద్యోగం. రెండు పద్ధతుల్లోనూ మారనివి ఏమిటో వేరుచేశాను. లగ్నం ధనుస్సు, అధిపతి గురువు, లగ్నంలో కుజుడు, అతడు అయిదో ఇంటికి అధిపతి కూడా. అంటే గురువూ కుజుడూ ఇద్దరూ ఎలా చూసినా ఆవిడ జాతకంలో పెద్దవాళ్ళే. ఆత్మకారకుడు గురువైనంత మాత్రాన ఇంజనీరింగ్ వదలాలని ఏ సూత్రమూ చెప్పలేదు. వృత్తిని అమాత్యకారకుడి నుంచి, దశమం నుంచి చూడాలి. లాహిరి లెక్కలో అమాత్యుడు కుజుడు, ఇనుము, కాంక్రీటు లెక్కలు చేసే మనిషికి అంతకంటే సరిపోయే మంత్రి ఎవరు? రాజు గురువు, మంత్రి కుజుడు. ఆ పనిలోంచే చెప్పే పాఠం ఆ జాతకానికి నప్పుతుంది, ఆ పని వదిలేసి చెప్పేది కాదు. అందుకని పూర్తిగా మారకుండా, ఒక సెమిస్టరు వారానికి రెండు క్లాసులు గెస్ట్‌గా చెప్పి చూడమన్నాను. గురుదశ ఇంకా ఆరేడేళ్ళు ఉంది, తొందర లేదు.

రెండో ప్రశ్న ఆవిడ నోటితో అడగలేదు. పుస్తకం ముయ్యకుండా కూర్చుంది. నేనే ఎత్తాను.

లాహిరి లెక్కలో కారకాంశ మిథునానికి పన్నెండు వృషభం. అక్కడ నవాంశలో చంద్రుడున్నాడు, ఉచ్చలో, వర్గోత్తమంలో. "చంద్రేణ గౌర్యామ్" అని సూత్రం. చంద్రుడుంటే గౌరి మీద భక్తి. పన్నెండింట ఉచ్చలో శుభుడుంటే శుభలోకం అని కూడా ఉంది. కానీ ఆ చంద్రుడు కృష్ణ త్రయోదశి చంద్రుడు, క్షీణుడు. అతణ్ణి శుభుడని లెక్కపెట్టి లోకాలు పంచిపెట్టే ధైర్యం నాకు లేదు, చెప్పలేదు. గౌరి మాట మాత్రం చెప్పాను. ఆవిడ ఒక్కసారి తలెత్తి, అవ్వ పోయేదాకా ఇంట్లో శ్రావణ మంగళవారాలు మంగళగౌరి నోము తప్పలేదనీ, తన పెళ్ళయిన అయిదేళ్ళూ తనతో అవ్వే దగ్గరుండి పట్టించిందనీ అంది. జాతకం చూసి మొదలుపెట్టింది కాదట. ఇంటి ఆచారం.

"అయితే కైవల్యం లేదంటారా?" అప్పుడు అడిగింది.

లేదని నేను అనలేను అన్నాను. తాతగారి పద్ధతిలో ఉంది, నా మొగ్గు ఉన్న పద్ధతిలో ఆ యోగం కనిపించదు. ఆయన పద్ధతిలోనైనా కేతువు అక్కడ ఉన్నంత మాత్రాన చాలదు, ఏ గ్రహాల సంబంధం ఉందో చూడాలని వ్యాఖ్యాతలు అంటారు. ఇరవై ఏడు నిమిషాల మీద ఒక మనిషికి మళ్ళీ పుట్టుక ఉందనీ లేదనీ నేను రాసి ఇవ్వను. ఆయన రాశారు, మనవరాలి మీద ప్రేమతో రాశారు, ఎర్రసిరా అందుకే.

"మరి దీన్ని కొట్టేస్తారా?"

కొట్టెయ్యలేదు. పద్నాలుగో పేజీకి ఎదురుగా ఖాళీగా ఉన్న పేజీలో పెన్సిలుతో రెండో చక్రం వేశాను. గురువును కుంభంలో పెట్టి, నవాంశ పక్కన గీసి, అడుగున ఆయన రాసినట్టే "అయ. 23-40" అని రాశాను. ఏ అయనాంశతో వేశారో రాసిపెట్టిన ఆ ఒక్క గీత లేకపోతే ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టేది.

వారం తరవాత వాళ్ళమ్మగారు ఫోను చేశారు. కూతురు కాలేజీలో శనివారం క్లాసులకు ఒప్పుకుందట. అమ్మగారు తన జాతకం కూడా అదే పుస్తకంలో మూడో పేజీలో ఉందనీ, దాని కింద కూడా అయనాంశ రాసి ఉందేమో చూసి, చివరి డిగ్రీల్లో ఎవరైనా ఉన్నారా అనీ అడిగారు. పేజీని ఫోటో తీసి పంపమన్నాను.